ఇంటర్న్‌షిప్ ఫారంలో ఇంటిపేరు ముందా, వెనకా?

ఆఫర్ లెటర్ రాగానే స్టైపెండ్ ఎంత, చేరేది ఎప్పుడు అని చూసుకుని, మిగతాది చదవకుండానే సంతకం పెట్టేవాళ్లే ఎక్కువ. ఆ మిగతాదాంట్లో ఒక వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఈ ఆఫర్ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫలితానికి లోబడి ఉంటుంది అని. కొన్నాళ్లకు ఎప్పుడూ పేరు వినని ఇంకో సంస్థ నుంచి మెయిల్ వస్తుంది, అందులో ఒక లింకు ఉంటుంది. ఇదేదో మోసమని కొందరు దాన్ని తెరవనే తెరవరు. కొందరు బస్సులో కూర్చుని ఫోన్లో పది నిమిషాల్లో నింపి పంపేస్తారు. తర్వాత వచ్చే తలనొప్పులు చాలావరకు ఈ రెండో రకంవాళ్లవే.

కంపెనీలు ఈ పనిని చాలావరకు సొంతంగా చేసుకోవు. ఆథ్‌బ్రిడ్జ్, ఫస్ట్ అడ్వాంటేజ్, హైర్‌రైట్ లాంటి ఏజెన్సీలకు అప్పగిస్తాయి. అందుకే మెయిల్ వాళ్ల పేరుతో వస్తుంది. అది నిజమైనదో కాదో తేల్చుకోవాలంటే, ఆఫర్ ఇచ్చిన హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టి మీ తరఫున వెరిఫికేషన్ చేస్తున్నది ఎవరు అని అడిగితే చాలు. వెరిఫికేషన్ ఖర్చు కంపెనీదే. తర్వాత తిరిగి ఇస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఎవరైనా అన్నారంటే అక్కడితో ఆపేయండి. డిజిలాకర్ ద్వారా ఆధార్ చూపించేటప్పుడు ఓటీపీ వస్తుంది, దాన్ని డిజిలాకర్ పేజీలో మీ చేత్తో మీరే కొడతారు. ఫోన్ చేసి ఆ అంకెలు చెప్పమనేవాడు ఏజెన్సీవాడు కాదు.

ఫారం ఏజెన్సీకి చేరాక దాన్ని ముక్కలు చేస్తారు. చదువు ఒకరికి, చిరునామా ఇంకొకరికి, కోర్టు రికార్డులు మరొకరికి. ప్రతి ముక్కకూ రెండు గడులుంటాయి. ఒకదాంట్లో మీరు రాసింది, రెండోదాంట్లో యూనివర్సిటీయో, బోర్డో, పాత కంపెనీయో చెప్పింది. రెండూ కలిస్తే గ్రీన్, తేడా ఉంటే రెడ్. చిన్న తేడా అయినా, అవతలివాళ్లు జవాబివ్వకపోయినా ఆంబర్. కాగితం ఏదైనా తక్కువైతే ఇన్‌సఫిషియెన్సీ అని మీకే తిప్పి పంపుతారు. ఆ గడులు నింపే మనిషికి మీరెవరో తెలియదు. మీరు తెలివైనవాళ్లా, నిజాయితీపరులా అన్నది అతని ముందున్న ప్రశ్న కాదు. కాబట్టి ఫారం నింపేటప్పుడు ‘నా గురించి ఏం రాయాలి’ అనుకుంటే దారి తప్పుతారు. ‘రెండో గడిలో ఏం పడబోతోంది’ అనుకోవాలి. అవతలి రికార్డులో ఏముందో అదే, అక్షరం పొల్లుపోకుండా.

ఒక ఉదాహరణ పెట్టుకుంటే విషయం తేలికవుతుంది. రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక ఊరి అమ్మాయి, పేరు శ్రావణి అనుకుందాం, ఇంటిపేరు మద్దిరాల. జేఎన్‌టీయూ హైదరాబాద్ అనుబంధ కాలేజీలో బీటెక్ నాలుగో సంవత్సరం. గచ్చిబౌలిలో ఒక కంపెనీ జనవరి నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్ ఇచ్చింది. ఇంటర్ తర్వాత ఒక ఏడాది ఎంసెట్ లాంగ్‌టర్మ్ కోచింగ్. బీటెక్ రెండో ఏడాదిలో ఒక సబ్జెక్ట్ పోయి, సప్లిమెంటరీలో గట్టెక్కింది. మూడో ఏడాది తర్వాత వేసవిలో ఒక చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసింది. మన దగ్గర వందల మందిది ఇదే కథ. ఇందులో దాచుకోవాల్సింది ఒక్కటీ లేదు, అయినా ఫారంలో జారిపడే చోట్లు నాలుగైదు ఉన్నాయి.

మొదటిది పేరు. శ్రావణి పదో తరగతి మెమోలో ‘మద్దిరాల శ్రావణి’ అని ఉంటుంది, మన పద్ధతిలో ఇంటిపేరు ముందు. ఆధార్‌లో ‘ఎం. శ్రావణి’. పాన్ దరఖాస్తులో పొడి అక్షరాలు కుదరవు, ఇంటిపేరు పూర్తిగా అడుగుతారు, కాబట్టి పాన్ కార్డు మీద ‘శ్రావణి మద్దిరాల’. మూడు కార్డులు, మూడు పేర్లు, మనిషి ఒకరే. ఇక ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గడులు. మెమో చూసి అదే వరుసలో నింపినవాళ్లకు ఫస్ట్ నేమ్ మద్దిరాల అయిపోతుంది, పాన్‌తో పోల్చగానే తేడా వస్తుంది. ఫస్ట్ నేమ్ అంటే వరుసలో ముందొచ్చే పేరు కాదు, మీకు పెట్టిన పేరు. లాస్ట్ నేమ్ అంటే ఇంటిపేరు, అది మెమోలో ఎక్కడున్నా సరే. చదువు విభాగంలో ‘సర్టిఫికెట్ మీద ఉన్న పేరు’ అని వేరే గడి ఉంటే మాత్రం అక్కడ మెమోలో ఉన్నట్టే ‘మద్దిరాల శ్రావణి’ అని రాయాలి. వేరే పేర్లు ఏవైనా వాడారా అన్న గడిని చాలామంది నేరస్తులను అడిగే ప్రశ్నలా చూసి ఖాళీగా వదిలేస్తారు. నిజానికి ‘ఎం. శ్రావణి’ని రాయాల్సిన చోటు అదే.

వరుస తేడాతో, పొడి అక్షరంతో సాధారణంగా పెద్ద చిక్కు రాదు. శ్రావణి ఒకచోట శ్రావని అయినా, తండ్రి పేరు రెండు కార్డుల్లో రెండు రకాలుగా ఉన్నా, పుట్టిన తేదీ కలవకపోయినా అడుగుతారు. అప్పుడు ఇద్దరూ ఒకరేనని నోటరీ చేయించిన అఫిడవిట్ అడగడం మామూలు. చేరే తేదీ నెత్తిమీదికొచ్చాక దానికోసం తిరగడం కన్నా కార్డే సరిచేయించుకోవడం మేలు. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోవచ్చు, పేరు రెండుసార్లు. కాబట్టి పదో తరగతి మెమోను పక్కన పెట్టుకుని, దానికి సరిపోయేలా ఒకేసారి మార్పించుకోవాలి. ఆధార్ కాపీ ఇవ్వాల్సివస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ సైట్ నుంచి దించుకోవచ్చు. ముందు దాన్నే ఇచ్చి చూడండి.

చదువు దగ్గర ఇంటర్న్‌లకు ఒక ప్రత్యేకమైన మెలిక ఉంది. ఫారం ‘పూర్తయిన అత్యున్నత చదువు’ అని అడుగుతుంది. శ్రావణి వేలు తనంతట తానే బీటెక్ మీదికి పోతుంది. పాసైన సంవత్సరం అన్న గడిలో వచ్చే ఏడాది వేస్తుంది. ఏజెన్సీ యూనివర్సిటీని అడిగితే, ఈ హాల్‌టికెట్ నంబరుకు డిగ్రీ ఇవ్వలేదని జవాబొస్తుంది. కాగితం మీద అది లేని డిగ్రీ ఉందని చెప్పినట్టే. చదువుతున్న విద్యార్థికి పూర్తయిన అత్యున్నత చదువు ఇంటర్మీడియట్. బీటెక్‌ను ‘చదువుతున్నది’ అన్న చోట పెట్టి, ఇప్పటిదాకా వచ్చిన సెమిస్టర్ మెమోలు, కాలేజీ ఇచ్చిన బోనఫైడ్ జతచేయాలి. ప్రొవిజనల్ సర్టిఫికెట్ అడిగే గడి వస్తే ‘కోర్సు పూర్తికాలేదు’ అని రాసి బోనఫైడ్ పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే ఇన్‌సఫిషియెన్సీ అని తిరిగొస్తుంది.

అలా ఇంటర్ మెమో మీదికి అందరి కళ్లూ వెళ్తాయి. అక్కడే ఇంకో తిరకాసు. మన కార్పొరేట్ కాలేజీల్లో ఒక బ్రాంచిలో చదివించి, ఇంకో బ్రాంచి పేరు మీద పరీక్ష రాయించడం కొత్తేమీ కాదు. శ్రావణి చదివింది కరీంనగర్‌లో ఒక క్యాంపస్‌లో, మెమో మీద ఉన్నది వేరే కాలేజీ పేరు అనుకోండి. తను రెండేళ్లు కూర్చున్న బెంచీ ఎక్కడుందో బోర్డుకు తెలియదు. బోర్డు రికార్డులో ఉన్నది మెమో మీది పేరే. కాబట్టి అదే రాయాలి. హాల్‌టికెట్ నంబరు కూడా మెమో మీద ఉన్నదే, జ్ఞాపకం మీద ఆధారపడి రాసింది కాదు. డిగ్రీ పూర్తయినవాళ్లు యూనివర్సిటీ గడిలో కాలేజీ పేరు రాయడం కూడా ఇలాంటిదే. అటానమస్ కాలేజీ అయినా పట్టా ఇచ్చేది యూనివర్సిటీయే.

మార్కుల్లో జరిగే తప్పు ఇంకా విచిత్రం. శ్రావణి సీజీపీఏ 7.62. ఫారం శాతం అడిగింది. పదితో గుణిస్తే 76.2. ఎవరో సీనియర్ 9.5తో గుణించమన్నాడు, అప్పుడు 72.39. ఆ 9.5 ఒకప్పుడు సీబీఎస్ఈ పదో తరగతికి వాడిన లెక్క, బీటెక్‌కు దానితో సంబంధం లేదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ బీటెక్ నిబంధనల్లో ఉన్న సూత్రం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించడం. అంటే 7.12 ఇంటూ 10, 71.2 శాతం. ఒకే అమ్మాయికి మూడు శాతాలు వచ్చాయి. వాటిలో యూనివర్సిటీ ఒప్పుకునేది ఒక్కటే. ఒక్కో యూనివర్సిటీకీ, ఒక్కో రెగ్యులేషన్‌కూ సూత్రం మారుతుంది కాబట్టి మీ రెగ్యులేషన్ పుస్తకం చూడండి. సీజీపీఏ రాసే వీలుంటే మార్చకుండా సీజీపీఏనే రాయడం అన్నిటికన్నా క్షేమం.

బ్యాక్‌లాగ్‌ల ప్రశ్న రెండు రకాలుగా వస్తుంది. ఇప్పుడు మిగిలి ఉన్నవి ఎన్ని అంటే శ్రావణి జవాబు సున్నా. మొత్తం చదువులో ఎప్పుడైనా ఉన్నాయా అంటే ఒకటి. ఈ రెండో ప్రశ్నకు సున్నా వేసినవాళ్లను పట్టించడానికి ఏజెన్సీ కష్టపడక్కర్లేదు. సప్లిమెంటరీలో పాసైన నెల, సంవత్సరం మెమో మీదే ఉంటాయి, ఆ మెమోను జతచేసింది కూడా మీరే. లాంగ్‌టర్మ్ ఏడాదినీ అలాగే ఉన్నదున్నట్టు, ఎప్పటినుంచి ఎప్పటివరకు ఎంసెట్ కోచింగ్ అని రాయాలి. ఖాళీని కప్పడానికి ఇంటర్ పాసైన సంవత్సరాన్ని ఒకటి ముందుకు జరిపేవాళ్లున్నారు. మన రాష్ట్రాల్లో లాంగ్‌టర్మ్ గురించి తెలియని హెచ్ఆర్ ఉండరు. దాన్ని దాచబోయి తప్పుడు సంవత్సరం వేస్తే మాత్రం అది రెడ్.

ఇప్పుడు అసలు గడ్డు భాగం, పాత ఇంటర్న్‌షిప్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కాలేజీల్లో చదువుతూనే ఇంటర్న్‌షిప్ చేయడం పాఠ్యప్రణాళికలో భాగమయ్యాక ప్రతి విద్యార్థి రెజ్యూమేలోనూ ఒకటో రెండో కనిపిస్తున్నాయి. వాటిలో ఎన్ని నిలబడతాయన్నదే ప్రశ్న. శ్రావణి రెజ్యూమేలో ‘సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఇంటర్న్, మే నుంచి ఆగస్టు’ అని ఉంది. చేతిలో ఉన్న లెటర్‌లో ‘వెబ్ డెవలప్‌మెంట్ ట్రైనీ, జూన్ 9 నుంచి ఆగస్టు 2’ అని ఉంది. తను అబద్ధమాడలేదనే అనుకుంటోంది. మేలో మాట్లాడుకుంది, ఆగస్టులో అయిపోయింది, అందుకే అలా రాసింది. ఏజెన్సీ ఆ కంపెనీకి పంపే మెయిల్‌లో మాత్రం తేదీలు, హోదా, వచ్చిన డబ్బు, ప్రవర్తన, మానేసిన కారణం ఉంటాయి. కంపెనీ తన ఫైలు చూసి ఎనిమిది వారాలు అని జవాబిస్తుంది. నాలుగు నెలలన్న మాట అక్కడితో తేలిపోతుంది.

శ్రావణి చేయాల్సింది సులువే, ఫారంలో లెటర్‌లో ఉన్నది ఉన్నట్టు దించాలి, హోదాతో సహా. రెజ్యూమేతో తేడా వస్తోంది కదా అని భయపడి ఫారాన్ని రెజ్యూమేకు సరిపెట్టకూడదు. ఫారం పంపేముందే హెచ్ఆర్‌కు చిన్న మెయిల్ పెట్టాలి. రెజ్యూమేలో నెలలు స్థూలంగా రాశాను, సరైన తేదీలు ఇవి, లెటర్ జతచేశాను అని. అభ్యర్థే ముందు చెప్పిన తేడాకూ, ఏజెన్సీ బయటపెట్టిన తేడాకూ హెచ్ఆర్ బల్ల మీద విలువ వేరు. మొదటిది దిద్దుబాటు, రెండోది తప్పుడు సమాచారం. ఇది రాసిపెట్టిన నియమం కాదు గానీ నిర్ణయాలు జరిగే తీరు అదే.

చిన్న కంపెనీలతో వచ్చే ఇబ్బంది తేదీలొక్కటే కాదు. వాళ్లకు హెచ్ఆర్ అంటూ ఎవరూ ఉండరు, మెయిల్ ఐడీ జీమెయిల్‌ది. ఏజెన్సీలు కంపెనీ డొమైన్ నుంచి వచ్చిన జవాబునే నమ్ముతాయి, జీమెయిల్ జవాబును చాలావరకు లెక్కలోకి తీసుకోవు. కొన్ని కంపెనీలు మూతపడి ఉంటాయి. అలాంటప్పుడు ఫలితం ‘అనేబుల్ టు వెరిఫై’ అని వస్తుంది. అది మీ తప్పు కాదు, అలాగని గ్రీన్ కూడా కాదు. దానికి విరుగుడు చేతిలోని ఆధారాలే. చేరేటప్పుడు ఇచ్చిన లెటర్, పూర్తిచేసినట్టు ఇచ్చిన లెటర్, స్టైపెండ్ పడిన బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లైన్లు, పని గురించి నడిచిన మెయిళ్లు. స్టేట్‌మెంట్‌లో మిగతా లావాదేవీలను నల్లగా కప్పేసి ఇస్తామని అడగొచ్చు. ప్రావిడెంట్ ఫండ్ నంబరు గడి చూసి కంగారు పడనక్కర్లేదు. మామూలు స్టైపెండ్ ఇంటర్న్‌కు అది సాధారణంగా ఉండదు, ‘లేదు’ అని రాస్తే సరి. మధ్యలో ఎక్కడైనా ఉద్యోగం చేసి యూఏఎన్ వచ్చి ఉంటే మాత్రం దాచలేరు, అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ కూడా కనిపిస్తాయి.

ఇక డబ్బు కట్టి తెచ్చుకున్న సర్టిఫికెట్ల సంగతి. అమీర్‌పేట గోడల మీదా, టెలిగ్రామ్ గ్రూపుల్లోనూ ఇవి దొరుకుతాయన్నది రహస్యం కాదు. ఏజెన్సీ ముందు చూసేది ఆ కంపెనీ కార్పొరేట్ వ్యవహారాల శాఖలో రిజిస్టర్ అయిందా, వెబ్‌సైట్ ఎప్పుడు పుట్టింది, ఆ చిరునామాలో నిజంగా ఆఫీసుందా అని. అనుమానాస్పద కంపెనీల జాబితాలు ఏజెన్సీలు సొంతంగా ఉంచుకుంటాయి, ఆ పేరు ఒకసారి జాబితాకెక్కితే అక్కడి సర్టిఫికెట్ పెట్టిన ప్రతివాళ్లకూ రెడ్. మీరు ఫీజు కట్టి నేర్చుకున్నది నిజమైన కోర్సే అయితే దాన్ని శిక్షణ కింద రాయండి. ఇంటర్న్‌షిప్ అన్న గడిలో పెడితేనే అది సమస్య.

వీటన్నిటికీ, రిఫరెన్స్‌కూ తేడా ఉంది. పైవన్నీ రికార్డుతో రికార్డును పోల్చడం. రిఫరెన్స్ అంటే మీ పని చూసిన మనిషిని అడగడం. ఫారం ఇద్దరి పేర్లు అడిగితే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది సాఫ్ట్‌వేర్‌లో ఉన్న బాబాయి, ఆ తర్వాత హెచ్‌ఓడీ. బంధువులు పనికిరారు, అది చాలా ఫారాల్లో రాసే ఉంటుంది. హెచ్‌ఓడీ పెద్దాయనే గానీ ఫోన్ వచ్చినప్పుడు ‘ఏ శ్రావణి? మూడు సెక్షన్లున్నాయి’ అంటే ఆ పెద్దరికం ఏమీ చేయలేదు. మినీ ప్రాజెక్ట్ గైడ్‌గా ఉన్న లెక్చరర్, వేసవిలో పని అప్పజెప్పిన టీమ్ లీడ్, ఈ ఇద్దరూ సరైనవాళ్లు. వాళ్లను ఎప్పటినుంచి తెలుసు, ఏం పని చేసింది, గడువుకు ఇచ్చిందా, మళ్లీ తీసుకుంటారా అని అడుగుతారు. కాలేజీ మెయిల్, ఆఫీసు మెయిల్ ఇస్తే మంచిది.

ఇక్కడ తరచూ జరిగే అపశ్రుతి చాలా సాదాది. తెలియని నంబరు నుంచి ఫోనొస్తే లోన్‌వాళ్లనుకుని సార్ ఎత్తరు. మూడుసార్లు ఎత్తకపోతే కేసు ఆంబర్‌లో పడుతుంది. అందుకే పేరు ఇచ్చేముందే వెళ్లి, ‘సార్, నాకు ఇంటర్న్‌షిప్ వచ్చింది, మీ పేరు ఇవ్వొచ్చా? వచ్చేవారం వెరిఫికేషన్‌వాళ్లు ఫోన్ చేస్తారు, మెయిల్ కూడా రావచ్చు’ అని చెప్పి, ఏజెన్సీ పేరు, ప్రాజెక్ట్ పేరు, చేసిన నెలలు వాట్సాప్‌లో పంపాలి. ఏం చెప్పాలో నేర్పడం కాదు అది, ఏడాది కిందటి ప్రాజెక్టును గుర్తుచేయడం.

చిరునామా తేలికనిపిస్తుంది గానీ మన జిల్లాలు మారిన తీరు వల్ల తేలిక కాదు. తెలంగాణలో 2016 అక్టోబరులో పది జిల్లాలు 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. శ్రావణి చిన్నప్పుడు తీసుకున్న ఆధార్ మీద ఇంకా కరీంనగర్ జిల్లా అనే ఉంది. తనేమో ఫారంలో రాజన్న సిరిసిల్ల అని రాస్తుంది. రెండూ నిజమే, పక్క రాష్ట్రంలో కూర్చుని చూసేవాడికి మాత్రం రెండు ఊళ్లు. ఇప్పటి జిల్లా రాసి, పక్కనే ‘పూర్వపు కరీంనగర్ జిల్లా’ అని చేర్చి, మండలం, పిన్‌కోడ్ సరిగ్గా ఇస్తే ఆ గందరగోళం ఉండదు. ఇంటి నంబరు లేని ఊరైతే రామాలయం ఎదురుగా, పంచాయతీ ఆఫీసు వెనక అని గుర్తు రాయడంలో తప్పేమీ లేదు, అక్కడికి మనిషి వస్తే ఉపయోగపడేది అదే. ఇప్పుడుంటున్న చిరునామా హాస్టల్ అయితే హాస్టల్ పేరు, గది నంబరు, వార్డెన్ నంబరు రాసి, వార్డెన్‌కు ఒక మాట చెప్పి ఉంచాలి. చాలా ఏజెన్సీలు ఇప్పుడు మనిషిని పంపకుండా ఫోన్‌కు లింకు పంపి, లొకేషన్ ఆన్ చేసి గుమ్మం ఫొటో తీయమంటాయి. సెలవులకు ఊరెళ్లి హాస్టల్ చిరునామా లింకును అక్కడ తెరిస్తే లొకేషన్ కలవదు.

కోర్టు రికార్డుల వెతుకులాట కూడా ఈ చిరునామా మీదే ఆధారపడుతుంది. ఈ-కోర్ట్స్ లాంటి చోట్ల పేరుతో వెతికితే అదే పేరున్న వేరేవాళ్ల కేసులూ బయటికొస్తాయి. మీరు వాళ్లు కాదని తేల్చేది తండ్రి పేరు, ఊరు, వయసు. అందుకే ఆ మూడింట్లో పొరపాటు లేకుండా చూసుకోవాలి. ‘ఎప్పుడైనా శిక్ష పడిందా’, ‘పెండింగ్ కేసులున్నాయా’ అన్నవి రెండు వేరు ప్రశ్నలు, అడిగినదానికే జవాబివ్వండి. బైక్ మీద పడిన ట్రాఫిక్ చలానా కట్టేసి ఉంటే దాన్ని నేరచరిత్ర అని రాసుకోనక్కర్లేదు.

ఇంత చేసినా రెడ్ రావచ్చు. అప్పుడు హెచ్ఆర్‌ను అడగాల్సింది ఏ గడిలో, రెండో పక్క ఏమని వచ్చింది అని. నేనలా రాయలేదని వాదించడం కన్నా ఆ రెండో గడి తప్పని చూపే కాగితం వెంటనే పంపడం పనిచేస్తుంది. యూనివర్సిటీలూ పొరపాటు జవాబులిస్తాయి, నంబరులో ఒక అంకె మారితే వేరేవాళ్ల రికార్డు వస్తుంది. తెలంగాణ ఉన్నత విద్యామండలి 2022లో విద్యార్థుల సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో సరిచూసే సేవను తెచ్చింది, డిజిలాకర్‌లోనూ చాలా మెమోలున్నాయి. మీ రికార్డు అక్కడ ఎలా ఉందో ముందే చూసుకోవచ్చు.

పంపేముందు నింపిన ఫారాన్ని పీడీఎఫ్‌గానో స్క్రీన్‌షాట్లుగానో దాచుకోండి. ఆరు నెలలు పోయాక శ్రావణిని ఉద్యోగంలోకి తీసుకుంటే ఇంకో ఫారం వస్తుంది, దాన్ని పాత ఫారంతో పోల్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అప్పటికి బీటెక్ ‘పూర్తయిన చదువు’లోకి వస్తుంది, హాస్టల్ పోయి గచ్చిబౌలి పీజీ వస్తుంది, ఈ ఇంటర్న్‌షిప్పే తేదీలతో సహా ఒక కొత్త గడి అవుతుంది. ఉద్యోగం వేరేచోట వచ్చినా అంతే. చివరి రోజు సాయంత్రానికే కంపెనీ మెయిల్, లాగిన్ మూసేస్తారు. కాబట్టి పూర్తిచేసినట్టు లెటర్‌ను, ఇంటర్న్ ఐడీ నంబరును, మేనేజర్ ఆఫీసు మెయిల్‌ను ఆ వారం మొదట్లోనే అడిగి సొంత మెయిల్‌కు తెప్పించుకోవాలి. లెటర్‌లో తేదీలు, హోదా సరిగ్గా ఉన్నాయో లేదో దిద్దించుకోవడానికి కూడా అప్పుడైతేనే వ్యవధి ఉంటుంది.